ముందే పైసలు కట్టిన ఇళ్లకు



ఈ పూట నేను చదవబోయేది ఒక ఉత్తరం. భీవండిలో పద్మనగర్, కామత్‌ఘర్ వాడల్లో ఉన్న 160 ఇళ్లకు రాసుకున్నది. మేము జొన్నలతో మురుకులు, సజ్జలతో చెక్కలు చేసి అమ్ముతాం. అవి దుకాణం మెట్లు ఎక్కకముందే, రుచి కూడా చూడకుండానే, మూడు నెలల పైసలు ముందుగా కట్టిన ఇళ్లు అవి. వచ్చే వారం మా పొట్లాలు మొదటిసారిగా దుకాణాలకు పోతున్నాయి. ఆ లోపల ఈ ఇళ్లకు చెప్పవలసిన మాటలు ఉన్నాయి. సాంచాల మధ్య రేడియో వినబడదని నాకు తెలుసు. కానీ పొయ్యి దగ్గర వినబడుతుంది. అక్కడ విన్నవాళ్లు, పాళీ దిగి వచ్చినవాళ్లకు చెబుతారు.

అక్కలకు, వదినలకు, అన్నలకు, పెద్దలకు,

మీ అందరికీ నేను తెలుసు. వేరే ఊళ్ల శ్రోతల కోసం రెండు మాటలు. భీవండి ముంబైకి దగ్గర్లో, ఠాణే జిల్లాలో ఉంది. మరమగ్గాల ఊరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేతపని వాళ్లు తరాల కిందట వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. మా నాన్న అలాగే వచ్చి సాంచాలు నడిపాడు. మా అమ్మ ఇంట్లో కండెలు చుట్టేది. పాళీ అంటే 12 గంటలు. రాత్రి పాళీలో ఆకలేస్తే కార్ఖానా బయట దొరికేది వడాపావ్, భజ్జీ, గ్లాసెడు చాయ. అమ్మ మాత్రం నాన్న సంచిలో ఒక గుడ్డ మూట పెట్టేది. అందులో జొన్న మురుకులు ఉండేవి. నేను మొదలుపెట్టిన పని ఆ మూటలోంచే వచ్చింది.

మీరు పైసలు కట్టారు కాబట్టి నూనె కొన్నాం, పొయ్యి కొన్నాం. దానికి కృతజ్ఞతలు చెప్పకుండా ఎట్లా ఉంటాను? కానీ పైసల కంటే పెద్దది మీరు ఇంకొకటి ఇచ్చారు. అది లెక్క. ఈ వారం ఎన్ని ఇళ్లు, ఎన్ని పొట్లాలు అన్న లెక్క. అది ఎందుకు అంత పెద్దదో ఆషాఢంలో తెలిసింది. ఆ సంగతి దాచకుండా చెబుతాను.

జూలైలో ఒక పొద్దున కామత్‌ఘర్ నుంచి ఒక పెద్దమ్మ మా గడప దగ్గరికి వచ్చింది. చేతిలో సజ్జ చెక్కల పొట్లం, పైన సగం చింపి ఉంది. కోపంగా లేదు. "బిడ్డా, ఇగో, నువ్వే తిని సూడు" అని ఒక చెక్క నా చేతిలో పెట్టింది. కొరికాను. కరకరలాడింది. ఉప్పు, కారం సరిగ్గానే ఉన్నాయి. మింగుతుంటే గొంతు వెనకాల చేదు పట్టుకుంది. నీళ్లు తాగినా పోలేదు. ఆమె నా ముఖం చూసి, "నూనె మాడిందా?" అని అడిగింది. నేను కూడా అదే అనుకున్నాను. కానీ అదే నూనెలో, అదే రోజు కాల్చిన జొన్న మురుకులు విప్పి తిన్నాం. వాటిలో చేదు లేదు. అంటే తప్పు నూనెది కాదు. పిండిది.

ఆ వారం చెక్కలకు వాడిన సజ్జపిండి 12 రోజుల కిందట పట్టించినది. గిర్నీకి మాటిమాటికి పోవడమెందుకని ఒకేసారి రెండు బస్తాలు పట్టించి డబ్బాల్లో పోశాను. ఆ తప్పు నాదే. ఆ వారం పోయిన సజ్జ పొట్లాలన్నీ వెనక్కి తీసుకున్నాం. ఒక్క ఇల్లు కూడా చందా మానలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

సజ్జపిండి ఎందుకు చేదెక్కుతుంది? సజ్జ గింజలో మొలక వచ్చే భాగం పెద్దది. గింజ బరువులో దాదాపు ఆరో వంతు అదే ఉంటుంది. నూనెలో ఎక్కువ భాగం దానిలోనే ఉంటుంది. 100 గ్రాముల సజ్జల్లో 5 గ్రాములకు పైగా కొవ్వు, జొన్నల్లో 2 గ్రాములు కూడా ఉండదు. గింజ గింజగా ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. సజ్జలు నెలల తరబడి నిలవ ఉంటాయి. కానీ గింజలోనే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గింజ పగలకముందు ఆ ఎంజైమ్ ఒకవైపు, నూనె ఒకవైపు ఉంటాయి. గిర్నీలో పడగానే రెండూ కలిసిపోతాయి. ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. మొదట ముక్కిపోయిన వాసన, తర్వాత గొంతులో చేదు. వానాకాలం వేడి, తేమ తోడైతే ఇంకా తొందరగా. మన ముత్తవ్వలకు ఎంజైమ్ పేరు తెలియదు. కానీ సజ్జలు మాత్రం ఏ పూటకాపూట విసురుకునేవాళ్లు. జొన్నపిండి డబ్బాలో పెట్టుకున్న ఇంట్లో కూడా సజ్జపిండి పెట్టుకునేవాళ్లు కాదు.

మీ ఇంట్లో సజ్జపిండి ఉంటే ఇట్లా చూడండి. ఒక చెంచా పిండి చిన్న గిన్నెలో వేయండి. మసిలే నీళ్లు కొన్ని పోసి మూత పెట్టండి. నిమిషం తర్వాత మూత తీసి వాసన చూడండి. తాజా పిండి అయితే కాల్చిన గింజ వాసన, కొంచెం తీపిగా వస్తుంది. పాతబడిన పిండి పొడిగా ఉన్నప్పుడు ఏమీ చెప్పదు. వేడి నీళ్లు పడగానే దాని గుట్టు బయటపడుతుంది. ఇప్పుడు మా దగ్గర ఏ పిండి కలిపినా ముందు ఈ పరీక్ష జరుగుతుంది.

ఈ చేదుకు మందు ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి, కష్టమైనదేం కాదు. సజ్జలకు ఐదింతల నీళ్లు మసలబెట్టి, గింజలను అందులో అర నిమిషం ముంచి తీయాలి. ఆ వేడికి ఎంజైమ్ పని చాలా వరకు ఆగిపోతుంది. తర్వాత గింజలను బాగా ఆరబెట్టి పట్టిస్తే, కొన్ని రోజులకే చేదెక్కే పిండి మూడు, నాలుగు వారాలు నిలుస్తుంది. ముంచడం అర నిమిషం పని. ఆరబెట్టడమే అసలు పని. భీవండిలో జూలై నెలలో ఎండ ఎక్కడిది? ఒక రోజు తెరిపిచ్చిందని డాబా మీద గుడ్డ పరిచి ఆరబోశాం. సాయంత్రానికి గింజల మీద తెల్లగా నూగు కమ్మింది. పక్క కార్ఖానాల నుంచి గాలిలో వచ్చిన దూది పీచు. తడి గింజకు అంటుకుంటే చాటతో చెరిగినా పోదు. ఊదితే పోదు. మన బట్టలకు, వెంట్రుకలకు రోజూ పట్టే పీచే. తినే గింజ మీద చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఆ 20 కిలోలు మనుషుల తిండికి వాడలేదు.

తర్వాత వేడిగాలి పెట్టె ఒకటి కిరాయికి తీసుకున్నాం. లోపల పళ్లేల మీద గింజలను పలుచగా పరిచి తలుపు మూస్తాం. మూతబడిన పెట్టె కాబట్టి పీచు లోపలికి రాదు. గింజ ఆరిందో లేదో ముందు పంటితో చూస్తాం. సాగినట్టు నలిగితే ఇంకా తడి ఉంది. టక్కున విరిగితే అయ్యింది. సరిగ్గా ఆరని గింజ గిర్నీ రాయికి మెత్తుకుంటుంది, పిండి వేడెక్కుతుంది, అప్పుడు చేసిన పనంతా వృథా. ఇదే పీచు భయంతో పిండి కలిపే గదికి కిటికీలు మూయించి జాలీలు కొట్టించాం. సాంచాల ఊరిలో తినుబండారాల పని పెట్టుకున్నవాళ్లకు ఈ ఖర్చు తప్పదు. ఎవరైనా మొదలుపెడుతుంటే ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇంత చేసినా సజ్జపిండికి ఆయుష్షు చిన్నదే. అందుకే లెక్క కావాలి. ఒక వారం ఎట్లా నడుస్తుందో చెబుతాను. 160 ఇళ్లకు ఇంటికి ఒక 200 గ్రాముల సజ్జ పొట్లం. అంటే 32 కిలోల చెక్కలు. వాటిలో సుమారు పావు వంతు నూనె ఉంటుంది, మిగతాది పిండి సరుకు. ఐదు పాళ్ల పిండిలో నాలుగు పాళ్లు సజ్జ, ఒక పాలు పుట్నాలు. విరిగినవీ మాడినవీ పోగా, వారానికి 22 కిలోల సజ్జలు పట్టిస్తే సరిపోతుంది. మంగళవారం పొద్దున గిర్నీ. మొదట ఒక పిడికెడు గింజ పోసి అంతకు ముందు వాళ్ల పిండి రాయిలోంచి పోయేదాకా ఆగుతాం. మంగళవారం, బుధవారం కాలుస్తాం. బుధవారం రాత్రికి పిండి డబ్బా ఖాళీ, కడిగి బోర్లిస్తాం. సాంచాలు ఆగే రోజు మీ ఇళ్లకు పొట్లాలు వస్తాయి. మిగిలిన పిండి అన్నది లేదు, పాత పిండి అన్నది లేదు. మీరు ముందే కట్టకపోతే ఈ 22 కిలోలు అన్న అంకె నాకు ఎవరిచ్చేవాళ్లు?

దుకాణం లెక్క అట్లా ఉండదు. ఒక వారం 10 పొట్లాలు పోతాయి, ఒక వారం 50. టోకుగా తీసుకునేవాళ్లు నాలుగు నెలలు నిలవ ఉండాలంటారు. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాం. వచ్చే వారం నుంచి దుకాణాలకు జొన్న మురుకులు మాత్రమే పోతాయి. సజ్జ చెక్కలు చందా ఇళ్లకే. లాభం పోగొట్టుకుంటున్నావని మా తమ్ముడు అన్నాడు. పోనీ. ఎన్నాళ్లు దుకాణంలో కూర్చుంటుందో తెలియని సజ్జ పొట్లం మీద మా పేరు వేయలేను.

జొన్న మురుకుల సంగతి కొంచెం. మేము వాడేది సోలాపూర్ వైపు నుంచి వచ్చే యాసంగి తెల్లజొన్న. మాల్‌దాండీ అంటారు. ఆ జిల్లాలోని మంగళ్‌వేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సోలాపూర్‌లో మన పద్మశాలీలు ఎందరో ఉన్నారు కాబట్టి బేరం తెలుగులోనే జరిగిపోతుంది. జొన్నపిండిలో గోధుమకుండే జిగురు లేదు. చల్లటి నీళ్లతో కలిపి గొట్టంలో వేసి ఒత్తితే తీగ తెగిపోతుంది, నూనెలో పడి పొడిపొడి అవుతుంది. అమ్మ రొట్టెకు చేసినట్టే చేయాలి. మసిలే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయాలి. ఆ వేడికి పిండి ఉబ్బి దానికదే జిగురు తెచ్చుకుంటుంది. చేయి పట్టేంత వేడి ఉండగానే పిసకాలి. కొత్తగా వచ్చిన పిల్లలు చేతులు కాలుతాయని పూర్తిగా చల్లారేదాకా ఆగుతారు. అప్పుడు ఒత్తిన మురుకు అంచు రంపపు పళ్లలా చీలుతుంది. ఆ అంచు చూసి పిండి ఎంతసేపు ఆగిందో మా దగ్గర పాతవాళ్లు చెప్పేస్తారు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఎన్నో పొట్లాల మీద జొన్న కంకి బొమ్మ వచ్చింది. మా పొట్లమైనా సరే, ఎవరి పొట్లమైనా సరే, బొమ్మ చూడకండి. వెనక సరుకుల పేర్లు చూడండి. ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు మైదా గానీ బియ్యప్పిండి గానీ అయి, జొన్న నాలుగో పేరుగా ఉంటే అది జొన్న మురుకు కాదు. సుగర్ ఉన్న పెద్దలకు ఇంకొక మాట. జొన్నలో పీచు బియ్యం కంటే ఎక్కువన్నది నిజం. కానీ మా మురుకులు నూనెలో కాల్చినవే. నాలుగు తిని చాయ తాగండి, పొట్లం ముందు పెట్టుకుని కూర్చోకండి. డాక్టరు వద్దన్నది నేను తినమనను.

వానాకాలంలో మురుకులు మెత్తబడ్డాయని 11 ఇళ్లు చెప్పాయి. దాని కారణం కూడా దొరికింది. పొట్లం మూతి వేడి పట్టీతో అతికిస్తాం కదా, ఆ అతుకు మధ్యలో మురుకు పొడి రవ్వంత ఇరుక్కుంటే సన్నని సందు మిగులుతుంది. కంటికి కనబడదు, తేమకు దారి చాలు. ఇది పట్టుకున్నది మా దగ్గర పనిచేసే ఒక వదిన. ఇరవై ఏళ్లు కండెలు చుట్టిన చేతులు. బొటనవేలితో అతుకు మీద తడుముతూ పోయి, "ఇక్కడ పోగు తెగినట్టుంది" అన్నది. ఆ పొట్లాన్ని బకెట్ నీళ్లలో ముంచి నొక్కితే సరిగ్గా అక్కడే బుడగలు వచ్చాయి. అప్పటినుంచి పొట్లం మూతిని లోపల పొడిగుడ్డతో తుడిచి అతికిస్తున్నాం. ప్రతి 20 పొట్లాల్లో ఒకదాన్ని బకెట్‌లో ముంచి చూస్తున్నాం.

ఇక కొత్త రుచులు. అన్నీ చెప్పను, కొంచెం మీరు ఎదురుచూడాలి.

మొదటిది బతుకమ్మకు వస్తుంది. సజ్జ మలీద. సద్దుల రోజు వరాలదేవి చెరువు దగ్గర పళ్లేలు పట్టుకుని నిలబడినప్పుడు మీ అందరి చేతుల్లోనూ ఉండేదే. సజ్జ రొట్టె వేడిగా ఉండగానే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్ద కట్టడం. దీన్ని పొట్లంలో అతికించి నెలలు దాచలేం. బెల్లం తేమ లాగుతుంది, రెండు మూడు రోజులకు మించి ఉంచకూడదు. కాబట్టి పొట్లం లేదు. మీ గిన్నె మీరు తెచ్చుకోండి. ముందురోజు సాయంత్రం చెప్పిన ఇళ్లకే చేస్తాం.

రెండోది భోగికి. మన మరాఠీ ఇరుగుపొరుగు భోగి రోజు సజ్జ భాకరీ మీద నువ్వులు అద్ది కాలుస్తారు. వాళ్ల నువ్వులు, మన చెక్క ఒకచోట కలుస్తున్నాయి. ఇంతకంటే చెప్పను.

మూడోది వచ్చే తొలి ఏకాదశికి. జొన్న పేలాల పిండి ముద్దలు. పేలపిండి తినకుండా మన ఇళ్లలో తొలి ఏకాదశి గడవదు. మరాఠీ వాళ్లు ఇవే పేలాలను లాహ్యా అంటారు, నాగపంచమికి కొంటారు. ఒకే సరుకు రెండు పండుగలకు పనికొస్తుందని నాకు ఆశ. కానీ రొట్టెకు మేలైన జొన్న పేలాలకు మేలు కాదు. పేలాలకు చిన్న, గట్టి గింజ కావాలి. గింజ మీద నీళ్లు చిలకరించి రాత్రంతా ఉంచితే తడి లోపలికి పోతుంది. పొద్దున బాగా కాలిన ఇసుకలో వేయగానే ఆ తడి ఆవిరై, గట్టి పొట్టు ఆపలేక గింజ విచ్చుకుంటుంది. పొట్టు మెత్తగా ఉంటే ఆవిరి ముందే జారిపోతుంది, గింజ మాడుతుంది గానీ పేలదు. మొన్న వేసినదాంట్లో సగమే పేలాయి. పేలని గింజ ఒక్కటి ముద్దలో ఉన్నా పెద్దవాళ్ల పన్ను విరుగుతుంది. సరైన గింజ దొరికేదాకా వెతుకుతాం, అందుకే వచ్చే ఏడు అంటున్నాను.

ఇంకొకటి ఉంది, ఇది పేరుతోనే తికమక పెట్టింది. ఠాణే కొండల్లో పండే ఒక గింజను ఇక్కడ వరీ అంటారు. శహాపూర్ వైపు నుంచి ఒకాయన, "వరీ తెచ్చాను, కొంటారా?" అని అడిగాడు. మా అమ్మ వడ్లు అనుకుని, "మనకెందుకే, మనం బియ్యంతో ఏం చేయడం లేదు కదా" అని పంపించేయబోయింది. మూట విప్పి చూస్తే సామలు. చిన్నప్పుడు తిన్న సామలన్నం గుర్తొచ్చి అమ్మ పిడికిలి నిండా తీసుకుని, చాలాసేపు అట్లాగే నిలబడింది. ఆ సామలతో చేగోడీలు ప్రయత్నిస్తున్నాం. మరాఠీ ఇళ్లలో ఉపవాసానికి ఈ గింజ తింటారు కాబట్టి వాము, కారం లేకుండా సైంధవ లవణం, జీలకర్రతో ఒక రకం. ఇప్పటికైతే ఉంగరాలు నూనెలో విచ్చిపోతున్నాయి. నిలబడిన రోజు ముందు మీకే వస్తాయి.

ఇక మీరు చేయవలసిన పని ఒకటుంది. దుకాణాల పొట్లం మీద పిండి పట్టించిన తేదీ ఉండదు. మీ సజ్జ పొట్లం మీద రెండు తేదీలు రాస్తున్నాం. పిండి పట్టించిన తేదీ, కాల్చిన తేదీ. ఆ రెండింటికీ మధ్య రెండు రోజుల కంటే ఎక్కువ కనబడితే విప్పకుండానే వెనక్కి పంపండి. కారణం అడగం.

జూలైలో పొట్లం పట్టుకొచ్చిన పెద్దమ్మ ఈ నెల మళ్లీ చందా కట్టింది. బతుకమ్మకు మలీద మొదటి ముద్ద ఆమె ఇంటికే పోతుంది. ఆమె నోట్లో వేసుకుని, మింగి, కాసేపు ఆగి, గొంతు వెనకాల ఏమీ లేదంటేనే మిగతా ముద్దలు కడతాం.

సెలవు.